కోలుకోవాలి: ఆజ్ఞా, ఆకాంక్షా, అంచనా?

ఇంగ్లీషు వైద్యపత్రాలకు వచ్చే తెలుగు అనువాదాలలో వ్యాధుల పేర్లు, మందుల మోతాదులు తారుమారు కావడం తక్కువ. వాటిని అందరూ జాగ్రత్తగా సరిచూస్తారు. ఎవరి కంటా పడకుండా మారిపోయేవి వాక్యం చివరి చిన్న క్రియలు. ‘మైట్’, ‘షల్’, ‘ఆట్’ వంటి సహాయక క్రియలు సూచించే నిశ్చయపు తరతమాలు తెలుగులోకి వచ్చేసరికి చెదిరిపోతాయి. నిఘంటువులో చూస్తే ప్రతిదానికీ ఒక సమానార్థకం కనిపిస్తుంది; చదివిన రోగికి అందే అర్థం మాత్రం వేరు. దీనికి అనువాదకుల అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. రెండు భాషలూ నిశ్చయాన్ని వాక్యంలో వేర్వేరు చోట్ల ఉంచుకోవడమే దీనికి మూలం.

పరిశీలనకు మూడు వాక్యాలు కల్పించి చూద్దాం. లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయం తొలగించిన తరువాత రోగిని ఇంటికి పంపుతూ ఇచ్చే కాగితంలో ఇటువంటివి ఉంటాయి. భుజంలో నొప్పి వచ్చే అవకాశం గురించి చెప్పే వాక్యంలో ‘మైట్’ ఉంది. రోగి వెంట ఇంటివరకు ఒక పెద్దవారు ఉండాలన్న నియమంలో ‘షల్’ ఉంది. రెండు వారాల్లో కోలుకుంటారన్న అంచనాలో ‘ఆట్’ ఉంది.

మొదటిది చూద్దాం. చరిత్రరీత్యా ‘మైట్’ అన్నది ‘మే’కు భూతకాల రూపం. ఇంగ్లీషు ఈ భూతకాలాన్ని కాలం కోసమే కాక, వాస్తవం నుంచి ఒక అడుగు దూరం జరగడానికి కూడా వాడుకుంది. ‘షల్’ నుంచి ‘షుడ్’, ‘విల్’ నుంచి ‘వుడ్’ ఈ విధంగా ఏర్పడినవే. తెలుగులో ‘వచ్చు’కు ఆ మెట్టు లేదు. అది కాలాన్ని బట్టి గాని, పురుష వచనాలను బట్టి గాని మారదు. ‘నొప్పి వచ్చి ఉండవచ్చు’ అన్నప్పుడు గతంలోకి జరిగింది నొప్పే గాని సందేహం కాదు. అందువల్ల ‘మే’ అయినా ‘మైట్’ అయినా మనకు మిగిలేది ‘నొప్పి రావచ్చు’ ఒక్కటే.

పైగా ఈ ‘వచ్చు’ అనుమతిని కూడా మోస్తుంది. ‘సాయంత్రం అన్నం తినవచ్చు’ అనుమతి. ‘సాయంత్రం వాంతి కావచ్చు’ సంభావ్యత. ఇక్కడ ప్రధానక్రియే తేడా తెలుపుతోంది: తినడం మన చేతిలో ఉన్న పని, వాంతి కాదు. కాని ‘మందు వేసుకున్నాక నిద్రపోవచ్చు’ అంటే? నిద్రపోవడానికి అభ్యంతరం లేదనా, మందు నిద్ర తెప్పిస్తుందనా? ఇటువంటి చోట వాక్యాన్ని వ్యతిరేకార్థంలో చెప్పి చూడటం మంచి పరీక్ష. మనం అనదలచినదానికి వ్యతిరేకం ‘నిద్రపోకూడదు’ అయితే అది అనుమతి. ‘నిద్రపోకపోవచ్చు’ అయితే సంభావ్యత. సంభావ్యతే ఉద్దేశమైతే ‘ఈ మందుకు నిద్ర రావచ్చు’ అని రాస్తే చాలు.

సందేహానికి తెలుగులో ‘ఏమో’, ‘కాబోలు’ ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, కాని అవి చూపేది మాట్లాడేవారి మనసును. ‘నొప్పి వస్తుందేమో’ అని వైద్యుడు రాస్తే అందులో వినిపించేది అతని బెంగ. కనుక ‘మైట్’లోని బలహీనతను తెలుగులో క్రియకు వెలుపల, ‘అరుదుగా’, ‘కొందరికి’ వంటి మాటలలో చెప్పడమే సబబు. ఇంగ్లీషులోనూ ఆ తేడా అంత గట్టిదేమీ కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కలిసి వెలువరించే మార్గదర్శకాలలో 2బి అన్నది బలహీనమైన సిఫారసుల తరగతి. దానికి వాడవలసిన మాటల్లో ‘మే’నూ ‘మైట్’నూ ఒకే బరువుతో పక్కపక్కనే ఉంచారు. అక్కడ బలాన్ని నిర్ణయించేది క్రియ కాదు, తరగతి సంఖ్య.

ఇక ‘షల్’. ఇది ఇంగ్లీషు న్యాయవాదులకే తలనొప్పిగా మారిన మాట. అమెరికా ఫెడరల్ సివిల్ విచారణ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు ‘షల్’ను తొలగించి ‘మస్ట్’, ‘మే’, ‘షుడ్’లలో తగినదాన్ని ఉంచారు. 56వ నియమంలో ‘షుడ్’ పెట్టడంతో న్యాయస్థానపు బాధ్యత బలహీనపడినట్టు ధ్వనించింది. 2010లో అక్కడ మళ్ళీ ‘షల్’నే తెచ్చి నిలిపారు. తెలుగులో దీనికి రెండు దారులు కనిపిస్తాయి. ‘గలరు’ అని రాస్తే నియమం మర్యాదగా మారిపోతుంది. మన ఆహ్వానపత్రాలలో ‘హాజరు కాగలరు’ అన్నది ప్రార్థన. రాకపోతే నేరం లేదు. ‘ఉండవలెను’ అంటే బలం వస్తుంది గాని, బాధ్యత ఎవరిదో తెలియదు. ‘రోగి వెంట ఒకరు ఉండవలెను’ అన్నప్పుడు ఆ మనిషిని చూసుకోవలసింది రోగా, ఆసుపత్రా? ‘మీ వెంట పెద్దవారు ఒకరు లేకపోతే మేము ఇంటికి పంపము’ అంటే కర్త, ఫలితం రెండూ తేటపడతాయి.

అన్నిటికన్నా చిక్కయినది ‘ఆట్’. ‘షల్’కు పాత అర్థం అప్పుపడి ఉండటం, ‘ఆట్’ కూడా ‘ఓ’ అనే అప్పుక్రియకు ఒకనాటి భూతకాలమే. ఇంగ్లీషు కర్తవ్యం బాకీ నుంచి పుట్టింది. మన ‘వలయు’ కోరిక నుంచి పుట్టింది. ‘మంచినీళ్ళు కావాలి’లో ఉన్నదీ, ‘మందు వేసుకోవాలి’లో ఉన్నదీ అదే. బాకీ అంటే బాకీపడినవాడు ఒకడు ఉండాలి. ‘ఆలి’లో కోరిక ఉంది గాని, కోరినవారు ఎవరో ఉండదు. ‘వాన పడాలి’ అంటే ఎవరూ మేఘాన్ని ఆజ్ఞాపించడం లేదు. అందుకే ‘మీరు రెండు వారాల్లో కోలుకోవాలి’ అన్న అనువాదాన్ని చదివిన రోగి దాన్ని ఆశీర్వచనంగానైనా, ఆదేశంగానైనా తీసుకుంటుంది. అంచనాగా మాత్రం తీసుకోదు.

‘ఆలి’కి అంచనా అర్థం లేకపోలేదు. ‘రైలు ఈపాటికి విజయవాడ దాటి ఉండాలి’ అంటాము. కాని అక్కడ పని ముగిసినట్టు చెప్పే ‘దాటి ఉండు’ రూపం తోడుంది. ముందు జరగబోయేదానికి ‘ఆలి’ ఒంటరిగా వస్తే ఆకాంక్ష వైపే ఒరుగుతుంది.

ఈ తేడా వైద్యంలో చిన్నది కాదు. అంచనాగా వాడిన ‘ఆట్’లో చెప్పని రెండో సగం ఒకటి ఉంది: అలా జరగకపోతే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టు. రెండు వారాలు గడిచినా కడుపునొప్పి తగ్గక, కళ్ళు పచ్చబడితే పిత్తనాళంలో రాయి మిగిలిపోయిందేమో, పిత్తరసం కారుతోందేమో చూడాలి. ఆదేశంగా విన్న రోగి తానే సరిగా కోలుకోలేదని మొహమాటపడి ఊరుకుంటుంది. ఆశీర్వచనంగా విన్న రోగి ఇంకో వారం ఓపిక పడుతుంది. ఇద్దరూ ఫోను చేయరు. కనుక ఆ ఒక్క క్రియకు తెలుగులో రెండు వాక్యాలు కేటాయించాలి: ‘ఈ ఆపరేషను తరువాత చాలామంది రెండు వారాల్లో మామూలు పనులు చేసుకోగలుగుతారు. మీకు అలా కాకపోతే మాకు వెంటనే చెప్పండి.’ కళ్ళు పచ్చబడినా, జ్వరం వచ్చినా రెండు వారాలు ఆగవద్దన్నది వేరే వాక్యంగా ఉండాలి.

అనువాదాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి మూలంతో పోల్చడం అనువాద సంస్థలు నమ్ముకునే పరీక్ష. ఈ దోషాన్ని అది పట్టలేదు. ‘కోలుకోవాలి’ని తిరిగి ఇంగ్లీషు చేసేవారు ‘షుడ్’ అనో ‘ఆట్’ అనో రాస్తారు. మూలంతో కుదిరిందని ముద్ర పడుతుంది. ‘ఆలి’ ఏ అర్థంలో వినబడిందో ఆ మార్గంలో బయటపడదు. పట్టగలిగేది తెలుగు మాత్రమే చదివే మనిషి. కాగితం చేతికిచ్చి ఒక్క ప్రశ్న అడిగితే చాలు: రెండు వారాలైనా నొప్పి తగ్గకపోతే మీరేం చేస్తారు? ‘ఇంకొన్నాళ్ళు చూస్తాను’ అన్న జవాబు వస్తే ఆ అనువాదం తప్పు, ప్రతి మాటా నిఘంటువుతో సరిపోయినా సరే.