మూడోవాడు ఎప్పుడు కదలాలి?

"బాల్ లేకుండ ఎందుకు ఉరుకుతున్నవ్ రా?"

పోయిన ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లోని ఒక మైదానంలో ఈ మాట చెవిన పడగానే ఈ కాలమిస్టుకు చిర్రెత్తుకొచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల ప్రాక్టీస్ మ్యాచ్ అది. బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. అప్పటికే కుడివైపు ఆడుతున్న పిల్లాడు డిఫెండర్ల వెనక ఉన్న ఖాళీలోకి దూసుకుపోయాడు. బంతి అటు రాలేదు, కోచ్ కేక మాత్రం వచ్చింది. పిల్లాడు తల దించుకొని, బూట్లతో మట్టి గీరుకుంటూ తన చోటికి నడిచాడు.

ఈ కాలమ్‌ను వారం వారం చదివేవారికి ఆ కోపం కొత్తేమీ కాదు. గోల్ కొట్టినవాడినీ, ఆఖరి పాస్ ఇచ్చినవాడినీ లెక్కలో రాసుకొని, మిగతావాళ్లను వదిలేయడం ఫుట్‌బాల్‌కు జరుగుతున్న అన్యాయమని ఇక్కడ ఎన్నోసార్లు మొరపెట్టుకోవడం జరిగింది. తొంభై నిమిషాల మ్యాచ్‌లో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా అతను బంతి లేకుండానే ఆడాలి. అలాంటిది బంతి లేకుండా ఉరికినందుకు పిల్లాడిని తిట్టడమా!

ఆ పిల్లాడు చేయబోయిన పనికి ఒక పేరుంది. థర్డ్ మ్యాన్ రన్. క్రికెట్‌లో స్లిప్ వెనకాల బౌండరీ దగ్గర నిలబడే థర్డ్ మ్యాన్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. ఇది ముగ్గురు కలిసి చేసే పని. మొదటివాడి దగ్గర బంతి ఉంటుంది. అతను మూడోవాడికి ఇవ్వాలనుకుంటాడు, కానీ దారిలో ప్రత్యర్థి అడ్డం. అందుకని ముందు రెండోవాడికి ఇస్తాడు. రెండోవాడు సాధారణంగా గోల్‌కు వీపు పెట్టి, బంతికి ఎదురు వస్తూ ఉంటాడు. అతన్ని కాచుకున్న డిఫెండర్ కూడా వెంటే ముందుకు వస్తాడు. దాంతో ఆ డిఫెండర్ వెనక ఒక గుంట పడుతుంది. రెండోవాడు బంతిని ఆపకుండా ఒక్క తాకుతో పక్కకో, వెనక్కో తోస్తాడు. అప్పటిదాకా ఆ ఆటలో లేని మూడోవాడు గోల్ వైపు ముఖం పెట్టి పరుగున వచ్చి దాన్ని అందుకుంటాడు.

వన్-టూకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వన్-టూలో బంతి ఇచ్చినవాడే ముందుకు ఉరికి మళ్లీ పుచ్చుకుంటాడు. డిఫెండర్‌కు అతను కళ్ల ముందే ఉంటాడు కాబట్టి, వెంట పరిగెత్తితే ఎంతో కొంత ఆపగలడు. మూడోవాడి విషయంలో అలా కుదరదు. బంతి మొదటివాడి నుంచి రెండోవాడికి పోతున్నప్పుడు డిఫెండర్ తల బంతి వెంట తిరుగుతుంది. తిరగకుండా ఉండటం చాలా కష్టం. ఆ తల తిరిగిన వైపుకు అవతలి పక్కన, చూపు అందని చోట మూడోవాడు కదులుతాడు. డిఫెండర్ మళ్లీ ఇటు చూసేసరికి మనిషి ఉండడు.

ఇంతవరకూ రాస్తే ఈ కాలమిస్టు మనసు ఎటు పరుగెత్తుతుందో పాత పాఠకులకు తెలుసు. 1970 జూన్ 21, మెక్సికో సిటీ, అజ్టెకా స్టేడియం, ప్రపంచ కప్ ఫైనల్. 86వ నిమిషం. ఇటలీపై బ్రెజిల్ అప్పటికి 3-1 ఆధిక్యంలో ఉంది.

ఆ గోల్ వీడియోను ఈ వారం మళ్లీ పదిసార్లు చూడటం జరిగింది, ప్రతిసారీ బంతిని వదిలేసి ఒక్కొక్కరినీ చూస్తూ. క్లొడొవాల్డొ తన సగంలోనే నలుగురు ఇటలీ ఆటగాళ్లను తప్పించి ఎడమవైపు రివెలినోకి ఇస్తాడు. రివెలినో గీత వెంబడి ముందుకు కొట్టిన బంతిని జైర్జిన్యో అందుకుంటాడు. అసలు కీలకం ఇక్కడుంది. జైర్జిన్యో కుడివైపు ఆడాల్సినవాడు. అతను ఎడమవైపుకు వచ్చేశాడు. ఇటలీది మనిషికి మనిషి కాపలా పద్ధతి. కాబట్టి అతన్ని కాచుకోవాల్సిన ఫకెట్టి కూడా అతనితోపాటే ఉన్నాడు. ఫకెట్టి ఇటలీ ఎడమ ఫుల్ బ్యాక్. అంటే బ్రెజిల్‌కు కుడివైపున ఉండాల్సినవాడు తన ఇల్లు వదిలి అంత దూరం వచ్చేశాడన్నమాట. కుడివైపు మొత్తం ఖాళీ.

జైర్జిన్యో లోపలికి కోసుకొచ్చి పెనాల్టీ బాక్స్ ముందున్న పెలేకి ఇచ్చాడు. పెలే ముందు టోస్టావో గోల్‌కు వీపు పెట్టి నిలబడి, డిఫెండర్లను తన చుట్టూ పెట్టుకొని, కుడివైపు నుంచి ఎవరో వస్తున్నారని చేత్తో చూపిస్తున్నాడు. పెలే బంతిని ఆపాడు. కొంచెంసేపు తొందర లేకుండా ఉన్నాడు. తర్వాత కుడివైపు ఖాళీలోకి మెల్లగా దొర్లించాడు. అప్పటిదాకా టీవీ తెరమీద లేని కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో ఫ్రేమ్‌లోకి పరుగున వచ్చి, అడుగు తగ్గించకుండా కొట్టాడు. బంతి నేలబారుగా అవతలి మూలకు పోయింది. 4-1.

ఇటలీ ఎడమవైపు కాపలాను జైర్జిన్యో ఖాళీ చేయించగలడని, అప్పుడు కార్లోస్ అల్బెర్టో పైకి రావచ్చని మ్యాచ్‌కు ముందే జట్టులో అనుకున్నట్టు అతనే తర్వాత చెప్పుకొచ్చాడు. దానికితోడు ఇటలీ నాలుగు రోజుల ముందే అదే స్టేడియంలో పశ్చిమ జర్మనీతో అదనపు సమయం దాకా ఆడి 4-3తో గెలిచింది. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఊరు అది. ఆఖరి నిమిషాల్లో వెంటపడే ఓపిక ఇటలీ కాళ్లలో మిగల్లేదు. ఆ గోల్ అందాన్ని ఇది ఏమీ తగ్గించదు. మనిషికి మనిషి కాపలా కాసే జట్టు మీద ఈ ఎత్తు ఎందుకు పనిచేస్తుందో చూపిస్తుందంతే. జోన్ పద్ధతిలో ఆడే జట్టు మీద తల తిప్పించాలి. మనిషిని పట్టుకు తిరిగే జట్టు మీద ఆ మనిషిని దూరంగా తీసుకెళ్లి, ఇంకెవరో వెనక నుంచి రావాలి.

మన దగ్గర ఈ ఆలోచన లేదా అంటే, హైదరాబాద్‌లోనే ఉంది. రహీం సాబ్ గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు. ఒకప్పటి స్కూలు టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జకార్తా జట్టులో ఉన్నాడు. రహీం సాబ్ డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పిల్లలకు పోటీలు పెట్టేవారు. బంతితో తిరిగే వీలు లేనప్పుడు పిల్లాడు వెంటనే ఇచ్చేయాలి. వెంటనే ఇవ్వాలంటే ఇంకొకడు ముందే సరైన చోట ఉండాలి. మూడోవాడు పుట్టేది అక్కడే.

ఆదివారం నాటి కోపం ఇలా ఆజ్యం పోసుకుంటూనే పోయింది. మంగళవారం సాయంత్రం అదే మైదానానికి వెళ్లి కోచ్‌ను అడగాల్సి వచ్చింది.

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "ఉరికినందుకు తిట్టలే సార్. ముందే ఉరికిండు, అందుకు తిట్టిన. రండి, చూపిస్త."

ఆయన ముగ్గురు పిల్లలను నిలబెట్టాడు. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య పదిహేను మీటర్లు. డిఫెన్స్ వరుసకు గుర్తుగా నాలుగు కోన్‌లు. ఆదివారం తిట్లు తిన్న పిల్లాడు మూడోవాడు. మొదటిసారి మొదటివాడు కాలు ఎత్తకముందే అతను కదిలాడు. రెండోవాడి కాలు బంతిని తాకేసరికి కోన్‌లను దాటి రెండు మూడు మీటర్లు అవతల ఉన్నాడు. ఆఫ్‌సైడ్.

లెక్క సులభమే. పదిహేను మీటర్ల పాస్ గట్టిగా కొడితే రెండోవాడిని చేరడానికి సెకను, మహా అయితే సెకనున్నర. ఆ సమయంలో చురుకైన పిల్లాడు ఐదారు మీటర్లు పరిగెత్తుతాడు. అందుకే డిఫెన్స్ వరుసకు ఆరేడు మీటర్ల ఇవతల నిలబడి, మొదటివాడి కాలి నుంచి బంతి వదిలాక బయల్దేరితే, రెండోవాడు తాకే క్షణానికి సరిగ్గా వరుస దగ్గర పూర్తి వేగంతో ఉంటాడు. ఆఫ్‌సైడ్ చూసేది ఆ క్షణానికే. అర సెకను ముందు కదిలితే గీత దాటిపోతాడు. దాటకుండా ఉండాలని ఆగితే వేగం పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. డిఫెండర్ తల ఇంకా బంతి వైపు తిరగలేదు. కాబట్టి పరుగు అతని కళ్లలో పడుతుంది, అతను రెండు అడుగులు వెనక్కి వేసి ఆ గుంట పూడ్చేస్తాడు.

"ఆ రోజు కూడా అంతే సార్. వీడు ఉరికేసరికి సెంటర్ బ్యాక్ చూసిండు, వెనక్కి పోయిండు. మా వాడు బాల్ ఎక్కడిస్తడు?"

ఆదివారం ఆ సెంటర్ బ్యాక్‌ను ఈ కాలమిస్టు చూడలేదు. పరుగునే చూసి, పరుగు తీసినవాడి పక్షం వహించడం జరిగిపోయింది. బంతి ఉన్నవాడినే చూస్తారని ఇతరుల మీద పెట్టుకున్న ఫిర్యాదు, పరుగెత్తేవాడినే చూసినవారికీ వర్తిస్తుంది. ఆ అజ్టెకా వీడియోను ఇంటికొచ్చి పదకొండోసారి చూసినప్పుడు కళ్లు పెలే కాళ్ల మీద నిలిచాయి. అతను ఆగింది కార్లోస్ అల్బెర్టో ఇంకా రాలేదనే. కుడివైపున అతను రెండు సెకన్ల ముందే వచ్చి నిలబడి ఉంటే, ఇటలీ వాళ్లలో ఎవరో ఒకరు చూసి అటు జరిగేవారు. అతను ఆలస్యంగా రావడం వల్లే ఆ గడ్డి ఖాళీగా ఉంది. ఇన్నేళ్లూ ఆ గోల్‌లో పరుగునే పొగుడుతూ వచ్చిన ఈ కాలమ్, ఆ పరుగు మొదలయ్యే ముందు కాచుకున్న సమయం గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు.

కోచ్ రెండోసారి వేరే పని చేశాడు. పిల్లాడి వెనక నిలబడి జెర్సీ అంచు పిడికిట్లో పట్టుకున్నాడు. మొదటివాడు కొట్టాడు. పిల్లాడు ముందుకు లాగాడు, జెర్సీ సాగింది. బంతి నాలుగైదు మీటర్లు పోయాక కోచ్ వదిలేశాడు. రెండోవాడు ఒక్క తాకుతో పక్కకు తోసిన బంతి, పరుగెత్తుతున్న పిల్లాడి ముందుకే వచ్చింది. మూడోసారీ అలాగే. నాలుగోసారి రెండోవాడు బంతిని ఆపి, చూసుకొని ఇచ్చాడు. మూడోవాడి పరుగు సరిగ్గానే ఉన్నా మళ్లీ ఆఫ్‌సైడే అయింది. ఈసారి కేక రెండోవాడి మీద పడింది.

ఐదోసారి కోచ్ వెనకకు వెళ్లలేదు, చేతులు కట్టుకొని పక్కన నిలబడ్డాడు. పిల్లాడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. మొదటివాడు కాలు ఎత్తాడు. పిల్లాడి మడమ లేచి, మళ్లీ నేలకు ఆనింది. బంతి వదిలాక గానీ అతను కదల్లేదు.