సారాంశం చెప్పిన మాట, తెర చూపిన దృశ్యం

వీడియో సారాంశం ఆ వీడియోకు కట్టుబడి ఉందా అన్నది ఒక ప్రశ్న. అందులో రాసింది నిజమేనా అన్నది వేరే ప్రశ్న. లోకంలో జరిగిన విషయమే అయినా వీడియోలో కనిపించకపోతే, వినిపించకపోతే, దాన్ని ఆ వీడియో సారాంశంలో రాయడం తప్పే. సాఫ్ట్‌వేర్ తయారుచేసే సారాంశాల్లో ఈ రకం తప్పు అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడుతుంది. చదివేవారికి విషయం ముందే తెలిసి ఉంటుంది కనుక అనుమానమే రాదు.

2023 ఆగస్టు 23 సాయంత్రం ఇస్రో చేసిన చంద్రయాన్-3 ప్రత్యక్ష ప్రసారాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కోట్లమంది చూసిన వీడియో అది. దాని సారాంశంలో ఇలాంటి వాక్యం ఒకటి వచ్చిందనుకుందాం: ‘ల్యాండర్ దిగుతున్న దృశ్యాలను దాని కెమెరా చూపిస్తుండగా, బెంగళూరు కేంద్రం నుంచి ప్రధాని మోదీ శాస్త్రవేత్తలను అభినందించారు, ఆ తర్వాత ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి నేలమీదికి దిగింది.’ చదవడానికి హాయిగా ఉంది, ఎక్కడా తడుముకోవాల్సిన పని లేదు.

పరిశీలనలో మొదటి పని ఇలాంటి వాక్యాన్ని విడదీయడం. అవునో కాదో ఒక్క మాటలో తేల్చగలిగినంత చిన్న ముక్కను ఒక క్లెయిమ్‌గా లెక్కపెట్టాలి. పై వాక్యంలో అలాంటివి ఐదున్నాయి. ల్యాండర్ కెమెరా తీసిన దృశ్యాలు తెరమీదికి వచ్చాయి. ప్రధాని శాస్త్రవేత్తలను అభినందించారు. ఆయన బెంగళూరులో ఉన్నారు. ఆ అభినందన ల్యాండర్ దిగుతున్నప్పుడు జరిగింది. తర్వాత రోవర్ బయటికి వచ్చింది. ‘చూపిస్తుండగా’, ‘ఆ తర్వాత’ లాంటి మాటల్లో దాగిన కాలక్రమాన్ని కూడా క్లెయిమ్‌గానే రాసుకోవాలి. ఈ పని చేసేవారు పేర్లను, అంకెలను శ్రద్ధగా ఏరుకుని, వరసను, కారణాన్ని చెప్పే చిన్న మాటలను వదిలేస్తుంటారు. తప్పులు మాత్రం ఆ మాటల దగ్గరే ఎక్కువగా పేరుకుంటాయి.

ఇప్పుడు ఒక్కోదాన్నీ వీడియోతో పోల్చాలి. అభినందన ఉంది, అది నిలుస్తుంది. బెంగళూరు అన్నది చెల్లదు. ప్రధాని ఆ రోజు బ్రిక్స్ సమావేశాల కోసం జోహన్నెస్‌బర్గ్‌లో ఉండి, అక్కడినుంచి తెరమీద కనిపించారు. బెంగళూరు కేంద్రానికి ఆయన వచ్చింది 26న. సాఫ్ట్‌వేర్ ఆ రెండు సంఘటనలను కలిపేసి ఉండొచ్చు. అభినందన ప్రసంగం కూడా 6 గంటల 4 నిమిషాలకు ల్యాండర్ దిగిన తర్వాతిదే కనుక కాలక్రమమూ తప్పు. రోవర్ సంగతి వేరు. అది నిజంగానే బయటికి వచ్చింది, కానీ కొన్ని గంటల తర్వాత, ఈ ప్రసారం ముగిసిపోయాక. అంటే ఆ క్లెయిమ్ అబద్ధం కాదు, అయినా ఈ వీడియోలో దానికి ఆధారం లేదు. అందుకే తీర్పులు రెండు సరిపోవు, మూడు కావాలి: వీడియోలో ఉంది, వీడియో కాదంటోంది, వీడియోలో లేదు. మూడోదాన్ని మొదటిదానిలో కలిపేస్తే పరీక్ష పెట్టినా పెట్టనట్టే.

ఐదింటిలో కష్టమైనది కెమెరా సంగతి. ల్యాండర్ దిగుతున్నట్టు తెరమీద కనిపించిన మాట నిజమే. అయితే ఆ సమయంలో ప్రేక్షకులు చూసింది ల్యాండర్ పంపుతున్న సమాచారం ఆధారంగా గీసిన కంప్యూటర్ చిత్రం, దాని పక్కన ఎత్తు, వేగం చూపించే అంకెలు. దిగేటప్పుడు కెమెరా తీసిన ఫొటోలను ఇస్రో తర్వాత విడుదల చేసింది. సారాంశాన్ని ముందు చదివి, ఆ తర్వాత వీడియో చూసేవారు ఇక్కడ సులువుగా బోల్తా పడతారు. ‘కెమెరా దృశ్యం’ అని చదివిన కంటికి బొమ్మ కూడా కెమెరా దృశ్యంలాగే అనిపిస్తుంది. అందువల్ల పరిశీలకుడికి క్లెయిమ్ చూపించకుండా సమయం మాత్రమే ఇవ్వాలి. ఆ సమయానికి అరనిమిషం ముందునుంచి అరనిమిషం తర్వాతిదాకా చూసి, తెరమీద ఏముందో, ఎవరు ఏమన్నారో తన మాటల్లో రాశాకే క్లెయిమ్ చూపించాలి. ఈ పద్ధతిలో పని రెట్టింపవుతుంది, తప్పదు.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ తడబడుతుందో కొంతవరకు ముందే ఊహించవచ్చు. చాలా వ్యవస్థలు వీడియోలోని ఫ్రేములన్నిటినీ చూడవు, సెకనుకు ఒకటో, అంతకంటే తక్కువో ఏరుకుంటాయి. రెండు ఫ్రేముల మధ్య వచ్చిపోయిన సంగతి వాటికి లేనట్టే. కొన్నైతే ఎక్కువగా మాటల మీదే ఆధారపడతాయి. అప్పుడు వ్యాఖ్యాత ‘ఇక జరగబోయేది ఇది’ అని చెప్పింది సారాంశంలోకి వచ్చేసరికి ‘జరిగింది’గా మారిపోవచ్చు. చంద్రయాన్ ప్రసారంలో రోవర్ గురించి వచ్చిన ముందస్తు వివరణలు ఇలా మారడానికి చాలా వీలుంది.

అన్ని క్లెయిమ్‌లనూ ఇలా చూసే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి కొన్నిటిని తీసి చూస్తారు. ఏవి తీయాలో మనిషి ఎంచుకోకూడదు. ఎంచుకుంటే సులువుగా తేలేవే చేతికి వస్తాయి. క్లెయిమ్‌లను లైనుకొకటిగా ఒక ఫైల్లో రాసిపెడితే లినక్స్‌లో ఒక్క ఆదేశం చాలు:

```
shuf -n 15 claims.txt
```

సారాంశంలో 40 క్లెయిమ్‌లు ఉండి, వాటిలో 15 తీసి చూస్తే ఒక్క తప్పూ దొరకలేదనుకుందాం. సంతోషించే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. ఆ 40లో నిజానికి 2 తప్పులు ఉంటే, తీసిన 15లో రెండూ పడకుండా తప్పించుకునే అవకాశం నూటికి 38. 6 తప్పులు ఉంటే ఆ అవకాశం నూటికి 5 లోపే. కాబట్టి ఈ పరీక్ష నెగ్గిన సారాంశం గురించి ‘తప్పుల్లేవు’ అనలేం, ‘6 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండకపోవచ్చు’ అని మాత్రమే అనగలం. ఒకటి రెండు తప్పులు కూడా ప్రమాదమైన చోట, ఉదాహరణకు కోర్టులో దాఖలు చేసే వీడియోకో, వైద్యానికి సంబంధించిన రికార్డింగుకో, నమూనా పరీక్ష పనికిరాదు, మొత్తం 40 చూడాల్సిందే. ‘ప్రసారం పొడుగునా’, ‘ఎక్కడా’ అనే క్లెయిమ్‌లకు ఏదో ఒక నిమిషం చూసి తీర్పు చెప్పడం కుదరదు. అవి నమూనాలోకి వస్తే వీడియో మొత్తం చూడాలి.

ఇంత చేసినా ఇది సారాంశం చెప్పినదానికి పరీక్షే తప్ప, చెప్పకుండా వదిలేసినదానికి కాదు. ప్రతి వాక్యమూ వీడియోలో దొరికినా, అసలు ఘట్టమే సారాంశంలో లేకపోవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే ఎదురు దిక్కునుంచి రావాలి. వీడియోలోంచి యాదృచ్ఛికంగా కొన్ని నిమిషాలను ఎంచి, వాటిలో చెప్పుకోదగ్గది ఏముందో రాసి, అది సారాంశంలో ఉందేమో వెతకాలి. ఏది చెప్పుకోదగ్గది అన్న దగ్గర ఇద్దరు పరిశీలకులకు పొసగకపోవచ్చు. అందుకే ఈ భాగాన్ని ఇద్దరూ విడివిడిగా చేసి, ఆ తర్వాతే పోల్చుకోవడం మేలు.

తప్పు దొరికినప్పుడు ఆ వాక్యం ఒక్కటీ దిద్ది ఊరుకుంటే చాలదు. నమూనాలో కాలక్రమం తప్పు ఒకటి బయటపడితే, మిగిలిన 25 క్లెయిమ్‌లలో వరస చెప్పేవన్నీ వీడియోతో పోల్చి చూడాలి. ఊరి పేరు తారుమారైతే ఊర్లన్నీ చూడాలి. దిద్దాక అదే 15ను మళ్లీ పరీక్షించి నెగ్గిందనడం చెల్లదు, కొత్త నమూనా తీయాలి.