ఆ ఐ-20 ఎక్కడ ఆగింది?

అమెరికాలో ఎమ్మెస్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నవాళ్లకు ఫిబ్రవరి, మార్చి నెలలు ఐ-20 కోసం ఎదురుచూసే కాలం. చదువయ్యాక ఒక ఏడాదిపాటు తమ రంగంలో పనిచేసుకునే అనుమతిని ఓపీటీ అంటారు. దానికి ఇమిగ్రేషన్ శాఖకు దరఖాస్తు పెట్టాలంటే, ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో సిఫారసు నమోదు చేసి, కొత్త ఐ-20 ఇవ్వాలి. అది ఆలస్యమైతే విద్యార్థి మొదట చేసే పని ఆఫీసుకు ఈమెయిల్ రాయడం.

ఆ ఈమెయిల్‌ను అటువైపు ఎవరు చదువుతారో తెలిస్తే రాత దానంతటదే మారుతుంది. మొదట తెరిచేది చాలాచోట్ల ముందు డెస్కులో ఉండే ఉద్యోగి. ఒక్కోసారి అక్కడ పార్ట్‌టైమ్ పనిచేసే మరో విద్యార్థే కావచ్చు. సెవిస్‌లోకి వెళ్లే అధికారం వాళ్లకు ఉండదు, డీఎస్ఓ అనే అధికారులకే ఉంటుంది. అంటే ఆ ఉత్తరం చదివినవాళ్లు స్టూడెంట్ ఐడీతో రికార్డు వెతికి, ఫైలు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసి, సరైన డీఎస్ఓకు పంపాలి. ఐడీ లేకపోతే ఆ మొదటి అడుగే పడదు. ‘మీ ఐడీ పంపండి’ అని జవాబు వస్తుంది, ఒక రోజు పోతుంది.

ఒక విద్యార్థిని సంగతి చూద్దాం. ఇలాంటి చాలామంది అనుభవాలను కలిపి చెబుతున్న ఉదాహరణ ఇది. ఆమె కోర్సు మే 15న ముగుస్తుంది. ఫిబ్రవరి 20న పోర్టల్‌లో ఓపీటీ ఐ-20 అడిగింది. పది పనిదినాలు పడుతుందని ఆఫీసు పేజీలో ఉంది. మార్చి 6తో ఆ గడువు దాటింది. ఆ రాత్రి ఆమె రాసుకున్న చిత్తులో తాను ఎంత ఆందోళనలో ఉందో, ఇంట్లోవాళ్లు ఎంత అప్పు చేసి పంపారో, ఈ ఉద్యోగం తనకెంత అవసరమో ఉన్నాయి. అన్నీ నిజాలే. కానీ ఎప్పుడు అడిగింది, ఏం అడిగింది, ఇప్పుడు ఏం కావాలి అన్నవి లేవు. పైగా ఆ చిత్తును డీన్‌తో సహా అయిదారుగురికి ఒకేసారి పంపాలనుకుంది. అలా పంపితే ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తారులే అనుకునే ప్రమాదం ఉంది.

దాన్ని పంపకుండా ఆమె ముందు పోర్టల్ తెరిచింది. అభ్యర్థన ‘అకడమిక్ అడ్వైజర్ పరిశీలనలో’ అని ఉంది. ఈ విద్యార్థి ఫలానా రోజుకు డిగ్రీ పూర్తి చేస్తుందని అడ్వైజర్ ఒక ఆన్‌లైన్ ఫారంలో ధ్రువీకరిస్తేనే ఫైలు డీఎస్ఓ దాకా వెళ్తుంది. ఓపీటీ ఐ-20లు ఆగిపోయే చోటు తరచూ ఇదే. ఆ ఫారం లింకు ప్రొఫెసర్ మెయిల్‌లో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. మార్చి మధ్యలో స్ప్రింగ్ బ్రేక్ వస్తే ఇంకో వారం అదనం. అయితే ఈమె అడ్వైజర్ మార్చి 3నే ఫారం నింపారు, ఆయనకు వచ్చిన రసీదు మెయిల్‌ను ఈమెకు పంపారు కూడా. అంటే చిక్కు ఇంకెక్కడో ఉంది, అది కనిపించేది ఆఫీసువాళ్లకే. ఇప్పుడు రాయడానికి ఆమె దగ్గర విషయం ఉంది.

మార్చి 10, సోమవారం ఉదయం ఒక్క ఆఫీసు చిరునామాకే ఆమె పంపిన ఉత్తరాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. సబ్జెక్టు గడిలో ‘ఓపీటీ ఐ-20 అభ్యర్థన, ఫిబ్రవరి 20’ అని, పక్కనే స్టూడెంట్ ఐడీ. లోపల:

“నమస్కారం. నేను మే 15న ఎమ్మెస్ పూర్తి చేస్తున్నాను. ఫిబ్రవరి 20న పోర్టల్‌లో ఓపీటీ ఐ-20 కోసం అడిగాను. అది ఇంకా అడ్వైజర్ పరిశీలనలోనే ఉన్నట్టు కనిపిస్తోంది. మా అడ్వైజర్ మార్చి 3న ఫారం పూర్తి చేశారు, ఆ రసీదు జత చేశాను. ఆ ఫారం మీకు అందిందో లేదో చూసి చెప్పగలరా? అందకపోతే నేను ఏం చేయాలో చెప్పండి, వెంటనే చేస్తాను. మార్చి నెలాఖరులోగా దరఖాస్తు పంపాలనుకుంటున్నాను. మీ సమయానికి కృతజ్ఞతలు.”

ఇందులో అడిగింది ఒక్కటే, అదీ చూడగానే జవాబివ్వగలిగిన ప్రశ్న. పది రోజులు దాటాయన్న నింద లేదు. తేదీ ఉంది కాబట్టి ఆ లెక్క వాళ్లకే తెలుస్తుంది. తన వంతు పని ముందే చేసి, సాక్ష్యం జత చేసింది కాబట్టి ‘మీ అడ్వైజర్‌ను అడగండి’ అని తిప్పి పంపే వీలు లేదు. మర్యాద అంటే వంగి వంగి దండాలు పెట్టడం కాదు, ఎదుటివాళ్ల పని తగ్గించడమే అసలు మర్యాద అని ఈ కాలమ్ గట్టి అభిప్రాయం.

తొందర గురించి ఒక మాట. ‘అర్జెంట్’ అని రాయాలంటే దాని వెనుక నిజమైన తేదీ ఉండాలి. కోర్సు ముగిసే రోజుకు 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు ఇమిగ్రేషన్ శాఖ ఈ దరఖాస్తు తీసుకుంటుంది. ఈమె విషయంలో అది ఫిబ్రవరి 14 నుంచి జూలై 14 దాకా. కాబట్టి మార్చిలో ‘గడువు దాటిపోతోంది’ అంటే అది నిజం కాదు, ఆఫీసువాళ్లకు ఆ సంగతి తెలుసు. దరఖాస్తు తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కనుక త్వరగా పంపాలనుకోవడం మాత్రం న్యాయమైన కారణమే. ఆమె రాసింది అదే. అదే కాగితం జూలై మొదటి వారం దాకా రాకపోతే, జూలై 14 అన్న తేదీని సబ్జెక్టు గడిలోనే పెట్టి రాయాలి, స్వయంగా ఆఫీసుకూ వెళ్లాలి.

తెలుగువాళ్లకు పేరు దగ్గర ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, రెండు మూడు మాటల అసలు పేరు ఒకచోట ఉంటాయి. సొంత జీమెయిల్‌లో కనిపించేది ‘సాయి’ అనో, ఒక్క పొడి అక్షరమో. ఆ క్యాంపస్‌లో సాయిలు ఎందరో. ఐ-20లో ఎలా అచ్చయిందో అలాగే పూర్తి పేరు సంతకంలో రాసి, యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ నుంచే పంపాలి. రాసింది ఫలానా విద్యార్థే అనడానికి ఆఫీసుకు అదే ఆధారం. అన్నట్టు, సోషల్ సెక్యూరిటీ నంబరు లాంటివి ఇలాంటి ఉత్తరంలో పెట్టనక్కర్లేదు.

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో నాన్నగారు ఫోన్ చేసి అడిగినా పని జరగదు. ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డులపై హక్కు ఆ విద్యార్థిదే. రాతపూర్వక అనుమతి లేకపోతే ఆఫీసువాళ్లు సాధారణంగా కన్నవాళ్లతో కూడా ఫైలు సంగతి మాట్లాడరు. అది నిర్లక్ష్యం కాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచితే వాళ్ల మనసు నొచ్చుకోదు.

జవాబు రాకపోతే మూడు నాలుగు పనిదినాలు ఆగి, అదే ఉత్తరం కింద ఒకటి రెండు వాక్యాల్లో గుర్తుచేయాలి. కొత్త మెయిల్ మొదలుపెడితే కొత్త టికెట్ పుడుతుంది, జత చేసిన రసీదు పాతదాంట్లో ఉండిపోతుంది. ఎంత బాగా రాసినా కదలని ఫైళ్లూ ఉంటాయి. ప్రాజెక్టు పూర్తికాక డిగ్రీ తేదీ మారేలా ఉంటే అడ్వైజర్ సంతకం చేయరు. ఆ సంగతి డిపార్ట్‌మెంటులోనే తేలాలి.

ఈమెకు మర్నాడే జవాబొచ్చింది. అడ్వైజర్ ఫారంలో వేసిన తేదీ, సెవిస్‌లోని కోర్సు ముగింపు తేదీ వేరువేరుగా ఉండటంతో ఫైలు ఆగింది. అడ్వైజర్ సరిచేశారు, మార్చి 13న ఐ-20 వచ్చింది. అప్పుడు ఆమె రెండో పేజీ తెరిచి ఓపీటీ సిఫారసు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ చూసుకుంది, మొదటి పేజీలో డీఎస్ఓ సంతకం ఉందో లేదో చూసి, తన సంతకం పెట్టింది. సెవిస్‌లో సిఫారసు నమోదైన 30 రోజుల్లోపు దరఖాస్తు ఇమిగ్రేషన్ శాఖకు చేరాలి, లేకపోతే తిరస్కరిస్తారు. నమోదైంది కూడా మార్చి 13నే కాబట్టి, ఆమెకు ఇప్పుడు అసలు గడువు జూలై 14 కాదు, ఏప్రిల్ 12.