గీత దగ్గర కాదు, బొటనవేలి దగ్గర

మొదటి నాలుగు బార్ల దాకా పేచీ ఏమీ ఉండదు. మొజార్ట్ సి మేజర్ సొనాటా, కోషెల్ జాబితాలో 545వ నంబరుది, కూనిరాగం తీసుకోదగ్గంత తేలిగ్గా మొదలవుతుంది. అయిదో బార్‌లో కుడిచెయ్యి ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. 'ఎ' దగ్గర బయల్దేరి పై 'ఎ' దాకా ఎక్కి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఆరో బార్‌లో అదే పని 'జి' నుంచి, ఏడులో 'ఎఫ్' నుంచి, ఎనిమిదిలో 'ఇ' నుంచి. ఈ నాలుగు బార్లలో కుడిచేతికి ఒక్క నల్ల మెట్టు కూడా తగలదు. కాగితం మీద చూస్తే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. వాయించబోతే సరిగ్గా ఆరో బార్ గుమ్మంలో కాలు తట్టుకుంటుంది.

మొజార్ట్ 1788 జూన్ 26న దీన్ని తన సొంత జాబితాలో ఎక్కించుకుంటూ, నేర్చుకునేవాళ్ళ కోసం చిన్న సొనాటా అని రాసుకున్నాడు. అచ్చయింది ఆయన పోయాక, 1805లో. ఆయన దృష్టిలో నేర్చుకునేవాళ్ళంటే ఎవరో గానీ, నలభై దాటాక పియానో ముందు కూర్చున్న ఈ కాలమిస్టు మాత్రం ఆ నాలుగు బార్ల దగ్గర రెండు నెలలు కాపురం ఉన్నాడు.

అతను పద్ధతి లేని మనిషేం కాదు. కష్టమైన చోటును ముక్కలు చేసి సాధన చెయ్యాలని ఎవరో చెబితే విన్నాడు. పెన్సిలు తీసి అయిదో బార్ చుట్టూ ఒక గడి, ఆరో బార్ చుట్టూ ఒక గడి గీశాడు. అయిదు పదిసార్లు, ఆరు పదిసార్లు, ఏడు, ఎనిమిది. విడివిడిగా నాలుగూ ముత్యాల్లా వచ్చాయి. ఆదివారం సికింద్రాబాద్‌లో పాఠానికి వెళ్ళి నాలుగూ కలిపి వాయిస్తే, ప్రతి బార్ చివరా చిన్న గతుకు. బార్లన్నీ వచ్చాయి, వాటి మధ్య దారి మాత్రం రాలేదు.

మేడమ్ రెండుసార్లు విన్నారు. మూడోసారి చెవులు వదిలేసి చేతిని చూశారు.

"మీరు గీత దగ్గర ఆగుతున్నారండీ. అక్కడ మీ చెయ్యి కదలక్కర్లేదు కదా, ఎందుకు ఆగడం?"

ఆ మాట అర్థం కావడానికి వేళ్ళ లెక్క చూడాలి. పియానోలో బొటనవేలు 1, చిటికెనవేలు 5. అయిదో బార్‌లో ఎ, బి, సి మెట్లు 1, 2, 3 వేళ్ళతో వాయించాక, బొటనవేలు అరచేతి కిందుగా దూరి డి మీద పడుతుంది. అక్కడి నుంచి డి, ఇ, ఎఫ్, జి, ఎ వరసగా 1, 2, 3, 4, 5. దిగేటప్పుడు జి, ఎఫ్, ఇ, డి మీద 4, 3, 2, 1. ఇప్పుడు వేళ్ళయిపోయాయి, ఇంకా మూడు మెట్లు దిగాలి. బొటనవేలి మీదుగా నాలుగో వేలు దాటి సి మీద పడాలి. తర్వాత బి, ఎ మీద 3, 2. అప్పుడు బొటనవేలు ఖాళీగా, సరిగ్గా జి మీద, అంటే ఆరో బార్ మొదటి స్వరం మీద, సిద్ధంగా ఉంటుంది. కొందరు సి దగ్గర నాలుగోదానికి బదులు మూడో వేలు వేస్తారు. అలా వేస్తే బార్ చివరి ఎ మీద బొటనవేలు పడుతుంది, ఆ వెంటనే జి మీదా అదే పడాలి. అతనూ మొదట్లో అలాగే వేసేవాడు. గతుకులో సగం అదే.

వేళ్ళు సరిదిద్దుకుని చూస్తే బార్ గీతకు అటూ ఇటూ ఏముంది? సి, బి, ఎ, గీత, జి, ఎ, బి. వేళ్ళు 4, 3, 2, గీత, 1, 2, 3. చెయ్యి వెంట్రుకవాసి కూడా జరగదు. నాలుగు మెట్ల మీద నాలుగు వేళ్ళు కూర్చుని ఉంటాయి, అంతే. చెయ్యి జరిగేది రెండే అతుకుల దగ్గర: ఎక్కేటప్పుడు మూడో వేలి నుంచి బొటనవేలికి, దిగేటప్పుడు బొటనవేలి నుంచి నాలుగో వేలికి. రెండూ బార్ కడుపులో ఉన్నాయి. అతని పెన్సిలు గడులు మాత్రం చెయ్యి కుదురుగా ఉన్న చోట కోత పెట్టాయి.

మేడమ్ రబ్బరుతో గడులు చెరిపేసి కొత్త ముక్కలు గీశారు. దిగుతున్న డి దగ్గర మొదలు: డి, సి, బి, ఎ, జి, ఎ, బి, సి. వేళ్ళు 1, 4, 3, 2, 1, 2, 3, 1. ఎనిమిది స్వరాలు. దిగే అతుకు ఒక చివర, ఎక్కే అతుకు ఇంకో చివర, మధ్యలో ఏ పాపం తెలియని బార్ గీత. ఇక రెండో రకం ముక్క గుట్టలాంటిది: బొటనవేలి మీద మొదలై చిటికెనవేలి దాకా ఎక్కి, మళ్ళీ బొటనవేలి మీదికి దిగేది. ప్రతి ముక్కా తర్వాతి ముక్క మొదటి స్వరం మీదే ఆగాలి. ఒక్క స్వరం ముందు ఆగితే ఆ అతుకు సాధనలోకి రానే రాదు.

ముక్క చేతికి తెలిసిందో లేదో చూసుకోవడానికి ఆవిడ ఇంకో పని చేయించారు. స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా గుత్తిగా నొక్కమన్నారు. ఎ, బి, సి మూడూ ఒక్కసారే; చెయ్యి జరిపి డి నుంచి పై ఎ దాకా అయిదూ ఒక్కసారే; మళ్ళీ జరిపి సి, బి, ఎ, జి నాలుగూ ఒక్కసారే. వినడానికి ఘోరంగా ఉంటుంది, పక్క గదిలోంచి ఎవరో ఒకరు తొంగి చూడక మానరు. కానీ చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలో ఇంత సూటిగా చెప్పేది ఇంకొకటి లేదు. గుత్తి మీదికి వెళ్ళే ముందు వేళ్ళు వెతుక్కుంటే ఆ ముక్క ఇంకా రానట్టే.

ఇక నెమ్మది సంగతి. అబ్రాం చేసిన్స్ అనే అమెరికన్ పియానిస్టు తన పుస్తకంలో ఒక ముచ్చట రాశాడు. హాలీవుడ్‌లో రఖ్మానినోవ్ ఇంటికి వెళ్తే, లోపల సాధన వినిపించిందట. షోపాన్ ఎత్యూడ్, థర్డ్స్‌లో రాసినది. అది ఏమిటో గుర్తుపట్టడానికే చేసిన్స్‌కు కాసేపు పట్టింది. బార్‌కు దాదాపు 20 సెకన్లు తీసుకుంటున్నాడట ఆ మహానుభావుడు.

ఈ కథ చదివి ఉత్సాహపడి మన కాలమిస్టు కూడా నెమ్మది చేశాడు, తప్పుగా చేశాడు. సెకనుకు రెండు స్వరాల వేగంలో ఒక్కో స్వరానికి అర సెకను దొరుకుతుంది. అంత తీరికలో బొటనవేలు చివరి దాకా బద్ధకంగా బయటే ఉండి, ఆఖరి క్షణంలో మోచెయ్యి ఎగరేసి డి మీదికి గెంతినా వినేవాళ్ళకు తెలియదు. నిమిషానికి 120 దెబ్బలు, దెబ్బకు నాలుగు స్వరాలు అనుకుంటే సెకనుకు ఎనిమిది. అక్కడ గెంతడానికి చోటు లేదు. అంటే నెమ్మదిలో అతను నేర్చుకున్నది వేగంలో పనికిరాని కదలిక. (మొజార్ట్ అల్లెగ్రో అని మాత్రమే రాశాడు. మెల్జెల్ మెట్రోనోమ్‌కు పేటెంటు తీసుకున్నది 1815లో, మొజార్ట్ పోయిన 24 ఏళ్ళకు. కాబట్టి 120 అనేది మేడమ్ అంకె.)

సరిచేసుకోవడం ఇలా: ఎ మెట్టును వదిలిన మరుక్షణమే బొటనవేలు బయల్దేరాలి. మూడో వేలు సి మీద పడేసరికి అది డి పైన ఉండాలి. సి దగ్గర ఆగి కళ్ళతో చూసుకోవాలి, ఉందా లేదా అని. దిగేటప్పుడు బొటనవేలు డి నొక్కేసరికి నాలుగో వేలు సి పైన కనబడాలి. అక్కడా ఆగి చూడాలి. చెవి పరీక్ష కూడా ఒకటుంది: డి చుట్టుపక్కల స్వరాలకన్నా గట్టిగా మోగితే బొటనవేలు వాలలేదు, పడింది అని అర్థం.

వేగం పెంచడానికి మేడమ్ మెట్రోనోమ్ అంకెను రోజూ కొంచెం జరిపించలేదు. 60 మీదే ఉంచి, దెబ్బకు రెండు స్వరాలు, తర్వాత అదే దెబ్బకు నాలుగు. సరళీ వరుసలు మొదటి కాలం, రెండో కాలం అని పాడినవాళ్ళకు ఇది కొత్త కాదు. కుదిరాకే అంకె పెరిగింది.

అయినా 84 దగ్గర బండి ఆగింది. అప్పుడు లయ మార్చమన్నారు. సమానంగా ఉన్న స్వరాలను ఒకటి పొడవు, ఒకటి పొట్టి చేసి వాయించడం. ఆల్ఫ్రెడ్ కోర్తో 1915లో షోపాన్ ఎత్యూడ్‌లకు తెచ్చిన సాధన ప్రతిలో ఇలాంటి లయ మార్పులు బోలెడు ఉంటాయి. బడిలో ఛందస్సు చదువుకున్నవాళ్ళు దీన్ని గురువు, లఘువు అనుకోవచ్చు, ఒక్క తేడాతో: ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు, ఇక్కడ మూడు. రెండు మాత్రలకే సరిపెట్టుకుంటే లయ ఊయలలాగా మెత్తబడిపోతుంది, పొట్టి స్వరానికి ఉండాల్సిన చురుకు పోతుంది.

దీని కిటుకు పొట్టి స్వరం నుంచి పొడవు స్వరానికి వెళ్ళే చోట ఉంది. ఆ ఒక్క అడుగే అసలు వేగంతో పడుతుంది. ఆ తర్వాత పొడవు స్వరం మీద చెయ్యి తీరిగ్గా తర్వాతి జతకు సర్దుకుంటుంది. పూర్తి వేగాన్ని రెండేసి స్వరాల మోతాదులో తీసుకోవడమన్నమాట.

అతను వారం రోజులు గురువు-లఘువు మాత్రమే చేశాడు. ఎక్కే అతుకు బాగుపడింది, దిగే అతుకు ఎక్కడిదక్కడే. కారణం కాగితం మీదే ఉంది. నాలుగేసి స్వరాల గుంపుల్లో చూస్తే, ఎక్కేటప్పుడు సి ఒక గుంపు చివర, డి తర్వాతి గుంపు మొదట. గురువు-లఘువులో సి పొట్టి, డి పొడవు, కాబట్టి ఆ అడుగు వేగంగా పడింది. దిగేటప్పుడు డి గుంపు మొదట, సి రెండోది. అదే లయలో డి పొడవైపోయి, నాలుగో వేలు దాటడానికి కావలసినంత సెలవు దొరికింది. అతుకుకు పరీక్షే జరగలేదు. లఘువు-గురువుగా తిప్పి వాయించిన మొదటి రోజే నాలుగో వేలు సి వదిలేసి బి మీద పడింది. రెండు లయలూ చెయ్యాలని అందరూ చెబుతారు, ఎందుకో ఆ రోజు తెలిసింది.

లయ మార్పుకూ హద్దుంది. వేళ్ళలో తప్పు ఉంటే ఆ తప్పునే గట్టిపరుస్తుంది. పైగా నాలుగైదు రోజులు అదే పనిగా చేస్తే మామూలుగా వాయించినా కుంటినడక మిగిలిపోతుంది. అందుకని మేడమ్ లెక్క: రెండు లయలూ ఒక్కోసారి, ఆ వెంటనే సమానంగా రెండుసార్లు. ఫోన్‌లో రికార్డు చేసుకుని సగం వేగంలో వింటే కుంటినడక ఇట్టే దొరికిపోతుంది.

పోయిన ఆదివారం 112 మీద అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది బార్లు ఒకే ఊపిరిలో వెళ్ళిపోయాయి. తొమ్మిదో బార్‌లో నమూనా మారుతుంది, అక్కడ చెయ్యి ఆగింది. అతను మేడమ్ వైపు చూశాడు. ఆవిడ పెన్సిలు తీసి అతని చేతికిచ్చి, బొటనవేలు ఎక్కడెక్కడ పడుతుందో గుర్తు పెట్టుకురమ్మన్నారు.