‘అగో’ అనకుండా ఏడు నిమిషాలు

మా చిన్నమ్మాయి ఈ ఏడే జగిత్యాల దగ్గరి ఒక ఇంజనీరింగు కాలేజీలో చేరింది. సామాను దింపి రావడానికి కోరుట్ల నుంచి నేనూ వెంట వెళ్లాను. ఆ సాయంత్రం గేమింగ్ క్లబ్బు వాళ్లు కొత్త పిల్లలకు స్వాగతం చెబుతున్నారంటే, బస్సుకు ఇంకా టైముంది కదా అని సెమినార్ హాల్లో చివరి వరుసలో కూర్చున్నాను. తెలుగు మాస్టర్నయ్యాక నేను విన్న స్వాగతోపన్యాసాలకు, పిల్లలకు రాసిచ్చిన వాటికి లెక్క లేదు. ఇంత పనితనమున్న ఉపన్యాసాన్ని మాత్రం ఆ రోజే విన్నాను.

క్లబ్బు ప్రెసిడెంటు సిరిసిల్ల అమ్మాయి, మూడో సంవత్సరం. చేతిలో కాగితం లేదు. వేదిక నలంకరించిన పెద్దలు, విచ్చేసిన అతిథులు అనే వరస కూడా లేదు. మైకు అందుకోగానే, "మీరందరు ఒక్కసారి కండ్లు మూసుకోండ్రి" అంది. మూసుకున్నారు. తను పక్కకు రెండడుగులు జరిగి గట్టిగా అరిచింది: "అగో! అగో! ఆడున్నడు! ఆడనే!"

ఎవరికీ ఏమీ తెలియలేదు. కొందరు నవ్వారు.

"ఇప్పుడు ఇనుండ్రి. కిటికీ దిక్కు, రెండో వరుస, ఒక్కడు, నిలబడ్డడు." కళ్లు తెరిచేసరికి హాలు మొత్తం కిటికీ వైపే తిరిగి ఉంది. రెండో వరుసలో ఒక సీనియర్ నిలబడి ఉన్నాడు.

నాకు ముందుగా నచ్చింది ఇదే. చెప్పదలచుకున్న సంగతి జరిగిపోయాకే ఆమె దానికి పేరు పెట్టింది. "దీన్ని కాలౌట్ అంటరు" అంది. నలుగురు జట్టుగా ఆడే బీజీఎంఐ లాంటి ఆటలో ఒకడికి కనిపించిన శత్రువు మిగతా ముగ్గురికి కనిపించడు. వాళ్లకు దొరికేది చెవిలో పడే మాట ఒక్కటే. ఆ మాటలో ఏది ముందుండాలి, ఏది వెనక రావాలి అన్నదాని మీద ఆమె దాదాపు మూడు నిమిషాలు నిలిచింది.

ముందు దిక్కు. తెర పై భాగంలో దిక్సూచి పట్టీ ఉంటుంది, ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. దిక్కు తర్వాత చాటు: చెట్టా, బండా, ఇంటి మేడా. ఆ తర్వాత ఎంతమంది. చివరికి, ఉన్నవాడు ఎలా ఉన్నాడు, దెబ్బ తిన్నాడా, నాక్ అయి పడ్డాడా. "అరవై, చెట్టెనుక, ఇద్దరు, ఒకడు నాక్. గంతే. మీ వాక్యం అయిపోయేలోపు వాడు పడ్డోన్ని లేపుకుంటడు" అంది. దిక్కే ఎందుకు ముందు రావాలో కూడా విప్పింది. అరవై అన్న మాట వినగానే మిగతా ముగ్గురి బొటనవేళ్లు తిరగడం మొదలుపెడతాయి, మిగతా మాట వినేలోగా చూపు అక్కడికి చేరుతుంది. "ఇద్దరున్నరు" అని మొదలుపెడితే, ఎటు తిరగాలో తెలియక దిక్కు వినేదాకా ఊరికే నిలబడాలి. వాక్యంలో పదాల వరసకు ఇంత మంచి కారణం నా తరగతిలో నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ఈ పద్ధతి ఎక్కడ పని చేయదో కూడా దాచలేదు. బోర్డు మీద రెండు చుక్కలు పెట్టింది. అంకె, చెప్పేవాడు నిలుచున్న చోటును బట్టి ఉంటుంది. శత్రువు నీకు నేరుగా ఉత్తరాన వంద మీటర్లలో ఉన్నాడనుకో, నీకు సున్నా. నీ దోస్తు నీకు తూర్పున యాభై మీటర్ల దూరంలో ఉంటే, వాడి లెక్క దాదాపు 27 డిగ్రీలు పక్కకు పోతుంది, వాడికి ఆ శత్రువు 333 మీద కనిపిస్తాడు. నువ్వు సున్నా అన్నావని వాడు సున్నా వైపే చూస్తుంటే ఖాళీ పొలం తప్ప ఏమీ ఉండదు. అందుకే దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే అంకె, విడిపోయినప్పుడు మ్యాపు మీద గుర్తు. కొత్తవాళ్లు "నాకేం కనిపిస్తలేదు" అని కొట్లాడుకునేది ఎక్కువగా ఇక్కడేనట.

తర్వాత పింగ్ గురించి. హాస్టల్ వైఫై మీద ఆడబోయే పిల్లలకు ఇది తప్పదు. ఇక్కడ ఆమె తన ఊరిని తెచ్చింది. "మా ఇంట్ల సాంచాలున్నయి. నాడె ఇటునుంచి అటు పోయి, మళ్ల ఇటు రావాలె. అప్పుడే పని ముందుకు పోతది. మీరు తెరమీద ఒత్తిన ప్రతి ఒత్తు సర్వరు దాక పోయి రావాలె. ఆ పోయి వచ్చే టైమే పింగ్." అది రెండు వందల మిల్లీ సెకన్లయితే సెకనులో అయిదో వంతు. అంతలో ఉరికేవాడు మీటరుకు పైగా పోతాడు. నువ్వు గోడ చాటుకు చేరాననుకుంటావు, అవతలివాడి తెర మీద నువ్వింకా బయటే ఉంటావు, గోడ వెనక ఉండి కూడా చస్తావు. "అప్పుడు వాడు హ్యాక్ కొట్టిండు అని మొత్తుకోకుండ్రి. ముందు మూలకున్న అంకె చూడుండ్రి."

సిరిసిల్ల పిల్లలు ఒకరిద్దరు వెంటనే తలలూపారు. నాడె పడుగు మధ్యలో చిక్కితే పోగులు ఎలా తెగిపోతాయో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు కూడా పోయి రావడమన్న సంగతి కళ్ల ముందు నిలిచింది. ఆ పోలికను ఆమె అంతకంటే లాగలేదు. ఇంకో వాక్యం కలిపితే అది పిల్లల ఆట గురించి కాక మగ్గం గురించి అయిపోయేది. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి.

డబ్బు విషయం చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. వాట్సాప్‌లో ఎవరో కస్టమ్ రూమ్ పెడతారు, మనిషికి యాభై రూపాయలు ఫోన్‌పే చేయమంటారు, గెలిచినవాడికి మొత్తం అంటారు. ఆటలో నైపుణ్యం ఉంది కదా, ఇది జూదమెలా అవుతుందని అడిగేవారికి ఆమె జవాబు సూటిగా ఉంది. మన రాష్ట్రం 2017లోనే తన చట్టాన్ని ఆన్‌లైన్ పందేల దాకా తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ నైపుణ్యం, అదృష్టం అనే తేడానే పక్కన పెట్టింది. గెలిస్తే డబ్బు వస్తుందని డబ్బు కట్టి ఆడేది ఏదైనా మనీ గేమే. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పోటీ ఖర్చుకు ప్రవేశ రుసుము, గెలుపుకు బహుమతి ఉండే ఈ-స్పోర్ట్స్‌ను ఆ చట్టం వేరుగా చూస్తుంది, కానీ దానికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ కావాలి. హాస్టల్ గదిలో పెట్టే రూముకు అవేవీ ఉండవు. "మన క్లబ్బు పేరు మీద ఎవరన్న పైసలడిగితే, ఆడు మనోడు కాదు. నాకు చెప్పుండ్రి." ఉపన్యాసం మొత్తంలో ఆమె ఆజ్ఞాపించినట్టు మాట్లాడింది ఈ ఒక్కచోటే.

నాకొక లోటు అనిపించింది. తల్లిదండ్రులకు ఏం చెప్పాలో ఆమె పిల్లలకు చెప్పలేదు. బీడీలు చుట్టి ఫీజు కట్టిన తల్లి, దుబాయిలో ఉండి ఫోను కొనిపెట్టిన తండ్రి, క్లబ్బు అన్న మాట వింటే ముందు భయపడతారు. దానికి ఒక నిమిషం ఇచ్చి ఉంటే బాగుండేది.

గడియారం చూసుకుంటే ఏడు నిమిషాలు. చివర్లో నినాదం లేదు. "శనివారం రాండ్రి. మీ ఊరోళ్లతోని కాదు, పేరు కూడ తెల్వనోళ్లతోని జట్టు కట్టి ఆడిపిస్త. ఏమన్న అడిగేదుంటే అడుగుండ్రి" అని మైకును ముందు వరుసలోని ఒక కుర్రాడికిచ్చింది. ఎవరో చెయ్యెత్తారు. మైకు పట్టుకున్నవాడు హాలంతా వెతుకుతుంటే, కొత్త పిల్లల్లోంచి ఒక గొంతు వచ్చింది:

"తలుపు దిక్కు, ఆఖరు వరుస, ఒక్కరు, చెయ్యి లేపిండ్రు."

ఆ చెయ్యి మా అమ్మాయిది.