వెంట్రుక మందంలో నాలుగో వంతు

ఫోన్ వెనక మనకు కనిపించేది కెమెరాను కాపాడే గాజు మూత మాత్రమే. దాని కింద ఒక చిన్న గొట్టంలో ప్లాస్టిక్ లెన్సులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. గొట్టం చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట, దానికి ఎదురుగా బుల్లి అయస్కాంతాలు. గొట్టాన్ని పైనా కిందా పల్చటి లోహపు స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. తీగలో కరెంటు పారితే గొట్టం సెన్సర్ నుంచి దూరం జరుగుతుంది, ఆగితే స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగుతాయి. ఆటోఫోకస్ నడిపే ఈ అమరికను వాయిస్ కాయిల్ మోటార్ అంటారు.

అది ఎంత జరుగుతుందో లెక్క కట్టి చూద్దాం. లెన్స్ ఫోకల్ దూరం 4 మిల్లీమీటర్లు అనుకుంటే, దూరపు కొండ మీంచి మీటరు దూరంలోని మనిషి మీదికి ఫోకస్ మార్చడానికి గొట్టం 0.016 మిల్లీమీటర్లు కదిలితే చాలు. అది మన వెంట్రుక మందంలో సుమారు నాలుగో వంతు. అదే 10 సెంటీమీటర్ల దూరంలోని బిల్లు చదవాలంటే 0.17 మిల్లీమీటర్ల దాకా కదలాలి. దగ్గరి వస్తువులకే ఈ మోటార్‌కు అసలు పని.

అందుకే ఫోటోలు మసకగా వస్తున్నప్పుడు, ఆ మసక ఏ దూరంలో వస్తోందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ముందు బిల్లును దగ్గరగా ఫోటో తీయండి, తర్వాత వీధి చివరి ఇంటిని తీయండి. ఇల్లు స్పష్టంగా ఉండి, తెర మీద ఎన్నిసార్లు తాకినా బిల్లు మసకగానే ఉంటే, గొట్టం దూరపు ఫోకస్ దగ్గర ఆగిపోయి ఉండవచ్చు. కిందపడ్డ దెబ్బకో, లోపల చేరిన నలుసుకో అలా జరుగుతుంది. అయస్కాంతం ఉన్న కవరో హోల్డరో వాడుతుంటే తీసేసి మళ్లీ చూడండి. బయటి అయస్కాంతం కూడా గొట్టాన్ని పక్కకు లాగగలదు.

దూరం, దగ్గర రెండూ పాలపొరలా కనిపిస్తూ, వీధి దీపాల నుంచి గీతలు సాగితే మోటార్ తప్పేం లేదు. గాజు మీది వేలి జిడ్డు వెలుతురును చెదరగొడుతోంది. జిడ్డు చారలు ఒక దిక్కున ఉంటే కాంతి గీత వాటికి అడ్డంగా సాగుతుంది. కళ్లజోడు గుడ్డతో తుడిస్తే పోతుంది.

తెర పూర్తిగా నల్లగా ఉంటే లెన్స్‌ను అనుమానించే ముందు యాప్‌లను చూడాలి. వీడియో కాల్‌లో ఒక యాప్ కెమెరాను పట్టుకుని ఉంటే ఇంకో యాప్‌కు అది అందకపోవచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఏదైనా యాప్ కెమెరాను వాడుతుంటే తెర పైమూల పచ్చటి గుర్తు వెలుగుతుంది. ఆ యాప్‌ను మూసేయాలి. పైనుంచి లాగే మెనూలో కెమెరా అనుమతి ఆపి ఉందేమో కూడా చూసి, ఫోన్‌ను రీస్టార్ట్ చేయాలి. అప్పటికీ ముందు కెమెరా పనిచేస్తూ, వెనకది ప్రతి యాప్‌లోనూ నల్లగానే ఉంటే, లోపం ఆ కెమెరా మాడ్యూల్‌లోనో దాని కనెక్టర్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్ విప్పించాల్సింది అప్పుడే.