వేడుకోలు నుంచి విన్నపం దాకా: ఫీజు మాఫీ లేఖ

కుటుంబం చితికిపోయినప్పుడు ఫీజు మాఫీ కోరుతూ విద్యార్థి రాసే లేఖను ప్రిన్సిపాల్ చదివి పక్కన పెట్టరు. ప్రైవేటు డిగ్రీ కళాశాలల్లో ఫీజు తగ్గించే అధికారం సాధారణంగా యాజమాన్యానిదే కాబట్టి, ఆయన ఆ కాగితంపై తన సిఫారసు రాసి కరస్పాండెంటుకు, అంటే యాజమాన్యం తరఫున నిర్ణయం తీసుకునే వ్యక్తికి, పంపవలసి ఉంటుంది. విద్యార్థిని ఎన్నడూ చూడని ఆ మనిషి ముందు లేఖ ఒంటరిగా నిలబడి మాట్లాడాలి. ఈ సంగతి తెలియనందువల్లనే చాలా లేఖలు ప్రిన్సిపాల్ మనసు కరిగించే ప్రయత్నంగా మొదలై అక్కడే ఆగిపోతాయి.

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో బీకాం రెండో సంవత్సరం చదివే విద్యార్థిని ఇలా రాసిందనుకోవాలి: ‘మా నాన్న మంచాన పడ్డారు, ఇంట్లో తినడానికి తిండి లేదు, మీరే మాకు దేవుడు, మీ కాళ్లు పట్టుకుంటాను, నా ఫీజు మొత్తం మాఫీ చేసి నా జీవితాన్ని కాపాడండి.’ ఇందులోని బాధ నిజమే, అయితే తండ్రికి ఏమైందో, ఎప్పటి నుంచి పని లేదో, ఫీజు ఎంతో, ఎంత కట్టారో ఒక్క మాటా లేదు. పైగా ఈ లేఖకు జత చేసిన ఆదాయ ధ్రువపత్రంలో, అంటే మీసేవ ద్వారా దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇచ్చే పత్రంలో, ఏడాదికి 1,50,000 రూపాయలని ఉంటే, తిండి లేదన్న వాక్యానికీ ఆ అంకెకూ పొంతన కుదరక చదివేవారికి అనుమానం పుడుతుంది. ఆ పత్రం తండ్రి మంచాన పడకముందు తీసుకున్నదైతే అందులో కనిపించేది ఆయన పనికి వెళ్లిన కాలపు సంపాదన. ఆ తర్వాత ఆదాయం ఎందుకు పడిపోయిందో లేఖే చెప్పాలి.

అదే లేఖను ఇలా తిరగరాయవచ్చు: ‘మా తండ్రిగారు తాపీ మేస్త్రీ. ఆగస్టు 12న పరంజా మీద నుంచి పడి కుడికాలు విరగడంతో శస్త్రచికిత్స జరిగింది. ఆరు నెలలు బరువు పని చేయకూడదని వైద్యులు చెప్పారు. ప్రస్తుతం మా తల్లిగారు కుట్టుపని చేసి నెలకు సుమారు 6,000 రూపాయలు సంపాదిస్తున్నారు. జతచేసిన ఆదాయ పత్రం ప్రమాదానికి ముందు తీసుకున్నది. ఈ ఏడాది ఫీజు 18,000 రూపాయలలో 8,000 జూలైలో చెల్లించాను. మిగిలిన 10,000లో 5,000 మాఫీ చేయవలసిందిగా, తక్కిన 5,000ను జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండు వాయిదాలుగా చెల్లించడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాను. స్పాట్ అడ్మిషన్ ద్వారా చేరినందువల్ల నాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. వేరే ఉపకారవేతనం కూడా రావడం లేదు.’

ఇక్కడ కాళ్లు పట్టుకోవడం లేదు, దేవుడి ప్రస్తావన లేదు, అయినా కష్టం మునుపటికంటే స్పష్టంగా కనిపిస్తోంది, ఎందుకంటే కాలు విరిగిన తేదీ, నెలకు 6,000 అన్న అంకె పక్కపక్కన నిలిచినప్పుడు ఆ ఇంటి పరిస్థితిని చదివేవారే లెక్క కట్టుకుంటారు. చివరి రెండు వాక్యాలు అన్నిటికంటే అవసరమైనవి. రీయింబర్స్‌మెంట్, అంటే అర్హులైన విద్యార్థుల ట్యూషన్ ఫీజును ప్రభుత్వం భరించే పథకం, వస్తుందా రాదా అన్నదే కార్యాలయంలో ఎవరైనా మొదట అడిగే ప్రశ్న. దానికి జవాబు లేకపోతే లేఖ గుమాస్తా దగ్గర నుంచే వెనక్కి వస్తుంది.

కోరికను విడదీసి చెప్పడంలో కూడా గౌరవం ఉంది. మాఫీ అంటే ఇక కట్టనక్కరలేనిది, వాయిదా అంటే ఆలస్యంగానైనా కట్టవలసినది. ఈ రెండింటినీ కలిపి ‘సహాయం చేయండి’ అని రాస్తే యాజమాన్యం తనకు తేలికైన వాయిదానే ఇచ్చి ఊరుకోవచ్చు. అయితే కట్టగలమని రాసిన మొత్తం ఇంట్లో కూర్చుని లెక్క చూసుకున్నదై ఉండాలి, ఎందుకంటే మాట తప్పిన వాయిదా రెండో విన్నపాన్ని బలహీనం చేస్తుంది.

ఎంత చెప్పాలన్నదానికి కూడా ఒక హద్దు ఉంది. తండ్రి తాగుడు, అన్నదమ్ముల తగాదా, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారన్న వివరం వంటివి కోరికను నిరూపించడానికి అవసరం కానంతవరకు లేఖలోకి రానక్కరలేదు. ఆ కాగితం నలుగురి చేతులు మారుతుంది, ఆ నలుగురి మధ్యే విద్యార్థి ఇంకా చదవాలి. ఆసుపత్రి ఫైలు మొత్తానికి బదులు డిశ్చార్జి పత్రం నకలు, ఫీజు రసీదు, ఆదాయ పత్రం చాలు.

లేఖను పరీక్ష ఫీజు గడువుకు ముందే, రెండు ప్రతులుగా ఇచ్చి, ఒకదానిపై అందినట్టు తేదీతో సంతకం తీసుకోవాలి. నోటిమాటగా ‘చూద్దాంలే’ అన్న హామీ హాల్ టికెట్లు ఇచ్చే రోజున కౌంటరు దగ్గర పనికిరాదు కనుక, రాయితీ మంజూరైతే ఎంత, ఏ తేదీ వరకు అన్నది కూడా రాతపూర్వకంగానే కోరాలి.